మూడో కన్నం

వీధి గదిలో ప్రింటర్ మీద పచ్చ లైటు నిక్షేపంగా వెలుగుతోంది. కంప్యూటర్ తెర మాత్రం దాని పేరు పక్కన ‘ఆఫ్‌లైన్’ అని చూపిస్తోంది.

“కళ్లెదుట కూర్చున్నదాన్ని పట్టుకుని ఊళ్లో లేదంటుందేమిటిది!” అంది కోడలు, ప్రింట్ బొత్తాం ఎనిమిదోసారి నొక్కుతూ.

పది గంటలకు బడిలో పరీక్ష. అరవై ప్రశ్నపత్రాలు ఇంట్లోనే కోడలు నడిపే ఈ ప్రింటింగు కొట్టు నుంచి వెళ్లాలి. అప్పుడే తొమ్మిదింబావు. బడి అటెండరు హెల్మెట్ కూడా తీయకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

“మేడమ్, పత్రాలు లేకుండా వెళితే హెడ్మాస్టరు నన్ను కూర్చోబెట్టి పరీక్ష రాయిస్తాడు.”

“రాయి నాయనా, పాసైతే ప్రమోషను వస్తుంది,” అంది కోడలు.

అత్తగారు ఒళ్లో స్టేప్లరు పెట్టుకుని, నోటికి తాళం వేసుకుని కూర్చుంది. ఎందుకంటే నిన్న సాయంత్రం ఆ కంప్యూటరు వెనక తీగలన్నీ పీకి, శుభ్రంగా తుడిచి, మళ్లీ గుచ్చింది ఆవిడే. చెబుదామంటే భయం. మొన్నామధ్య కీబోర్డును సబ్బునీళ్లతో కడిగినందుకు నెలరోజులు ఈ గదిలోకి అడుగు పెట్టనివ్వలేదు. బతిమాలగా బతిమాలగా, స్టేప్లరు ఉద్యోగం మళ్లీ వచ్చి వారమైంది. ఆవిడకు రోజంతటిలో బాగుండేది ఈ గదిలో గడిపే ఈ రెండు మూడు గంటలే. వచ్చేపోయేవాళ్లు, కబుర్లు, టకటకా పిన్నులు.

‘అయినా కీబోర్డు పలుకుతోందిగా, మౌసు కదులుతోందిగా. నా తప్పెందుకవుతుంది?’ అని తనకు తానే తీర్పు చెప్పుకుంది.

కోడలు ప్రింటర్‌ను ఆపి, మళ్లీ పెట్టింది. కంప్యూటర్‌నూ అలాగే చేసింది. మొగుడికి ఫోన్ చేస్తే, తీగ ఊడిందేమో చూడమన్నాడు.

“ఊడలేదు మహానుభావా, రెండు వైపులా బిగించే ఉంది!”

మనవరాలు ప్రింటర్ మూత తెరిచి, మూసి, దాని వీపు తట్టింది. “లే తల్లీ, బడికి టైమైంది.”

అటెండరు పకపకా నవ్వాడు. కోడలికీ నవ్వొచ్చింది, ఆ వెంటే కళ్లలో నీళ్లూ తిరిగాయి. “ఈ ఒక్కసారి పత్రాలు అందకపోతే ఆ బడి మళ్లీ మన గుమ్మం తొక్కదు. సందు చివర జిరాక్సువాడు పదింటికి గానీ తీయడు.”

ఆ నీళ్లు చూశాక అత్తగారి నోరు ఇక ఆగలేదు.

“అమ్మాయ్... నిన్న తీగలు తీశానే. దుమ్ము తుడుద్దామని.”

కోడలు కుర్చీతో సహా గిర్రున ఆవిడ వైపు తిరిగింది.

“మళ్లీ పెట్టాగా!” అంది అత్తగారు కంగారుగా. “కళ్లజోడు లేక ప్రింటరు తీగ ఒక్కటి మాత్రం చేతికి తగిలిన కన్నంలో పెట్టాను. అన్నీ ఒకలాగే ఉంటే నేనేం చేసేది?”

కోడలు గబుక్కున ప్రింటర్ల జాబితా తెరిచింది. ఒకటి కాదు, రెండున్నాయి. పాతది వెలిసిపోయి ఆఫ్‌లైన్‌లో ఉంది. దాని కింద అదే పేరుతో, పక్కన ‘కాపీ 1’ అని, ఇంకోటి సిద్ధంగా ఉంది.

“అదీ సంగతి! కన్నం మారిస్తే ఇది కొత్త ప్రింటరనుకుంది. నేను నొక్కిందంతా పాతదాని ఖాతాలో పడింది. తీగ పాత కన్నంలో పెడితే అవే వచ్చేస్తాయి. ఇంతకీ అది ఏ కన్నంలో ఉండేది అత్తయ్యా? ఆరున్నాయి!”

“కింది నుంచి మూడోది,” అంది అత్తగారు తడుముకోకుండా.

“అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?”

“ఖాళీ కన్నాలన్నిట్లోంచీ దూదిపుల్ల నల్లగా వచ్చింది. తెల్లగా వచ్చినవి మూడే. పై రెండూ కీబోర్డువీ మౌసువీ, వాటిని వాటి చోటే పెట్టాను. మిగిలింది ఆ మూడోదే.”

తీగ మూడో కన్నంలోకి మారింది. తెర మీద ‘ఆఫ్‌లైన్’ మాయమైంది. ప్రింటర్ ఒళ్లు విరుచుకున్నట్టు గరగరలాడి కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. అటెండరు హెల్మెట్ తీసి దరువు వేశాడు. మనవరాలు గంతులేసింది. అత్తగారు పిన్నులు కొట్టిన వేగానికి స్టేప్లరు వేడెక్కింది.

అరవై అయ్యాయి. ప్రింటర్ ఆగలేదు.

“అమ్మా, ఎనిమిదిసార్లు నొక్కావు! నాలుగొందల ఎనభై!” అని కేకపెట్టి మనవరాలు వరసలో ఉన్నవన్నీ రద్దు చేసింది. అప్పటికే ఇంకో ఏడు వచ్చి పడ్డాయి. అటెండరు అరవై పట్టుకుని పరుగో పరుగు.

పది దాటింది. బడి నుంచి ఫోనొచ్చింది, పరీక్ష మొదలైందని. అత్తగారు స్టేప్లరు బల్ల మీద పెట్టి మెల్లగా లేచింది. “నేను లోపలికి వెళతానమ్మా.”

“ఎక్కడికి? తప్పు చేసి తప్పించుకుందామనా?” కోడలు మిగిలిన ఏడింట్లోంచి ఒకటి లాగి ఆవిడ ముందు పెట్టింది. “కూర్చోండి. రాయండి. పూర్తయ్యేదాకా ఈ గదిలోంచి కదలడానికి వీల్లేదు.”

“నానమ్మా, చూసిరాతలు కుదరవు,” అంది మనవరాలు బెత్తంలా స్కేలు ఊపుతూ.

అత్తగారు కళ్లజోడు పెట్టుకుని మొదటి ప్రశ్న చదివింది. తర్వాత ఆశగా తలెత్తింది.

“ఎన్ని గంటలే పరీక్ష? మూడేనా? ఇంకాస్త పొడిగించకూడదూ?”