మీటరమ్మ వేసిన లెక్క

ఇస్త్రీ పెట్టె ప్లగ్గు కరిగి సాకెట్టుకి అంటుకుపోయిన రోజున టైలరమ్మ ఫ్లాటులో కుట్టుపని ఆగిపోయింది. మూడో అంతస్తులో ఆవిడది రెండు పడకగదుల ఇల్లు. వెనక గదిలో నాలుగు మోటారు మిషన్లు, వాటిమీద కుట్టే నలుగురు ఆడవాళ్ళు, రెండు ఇస్త్రీ బల్లలు, హాల్లో కత్తిరింపు బల్ల. మిగిలిన గదిలో ఆవిడ కాపురం. ఒక ఆసుపత్రి నర్సుల యూనిఫారాలు కుట్టే పెద్ద ఆర్డరు చేతిలో ఉంది. రెండు ఇస్త్రీ పెట్టెలూ కలిసి వేడెక్కితే చాలు, ట్యూబులైట్లు కళ్ళు ఆర్పేవి. ఆ రోజు గోడలోంచే పొగ వచ్చింది.

కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే ఆయన తన మరదల్ని పంపాడు. భార్య చెల్లెలు. చాలా ఏళ్ళుగా ఆయన దగ్గరే వైరింగు పని చేస్తోంది. జేబులో టేపు లేకుండా ఎక్కడికీ వెళ్ళదని ఆయనే మీటరమ్మ అని పేరు పెట్టాడు. వెటకారంగానే పెట్టాడు గానీ, ఆ పేరే నిలిచిపోయింది.

"పాయింట్లు లెక్కపెట్టుకుని రా, అంతే. మిగతాది నేను మాట్లాడతాను," అన్నాడు బావ.

ఆమె సాకెట్టు విప్పి చూసింది. లోపల పాత అల్యూమినియం తీగ, పట్టుకుంటే పెళుసుగా విరిగింది. దానిమీది ముసుగు పొట్టులా రాలింది. ఇల్లంతా వైరింగు మార్చక తప్పదు.

"లైట్లు, ఫ్యాన్లు, చిన్న ప్లగ్గులు కలిపి ముప్ఫై ఆరు. ఇస్త్రీలకి రెండు, గీజరుకి ఒకటి, వంటింట్లో ఒకటి, అవి పెద్ద పాయింట్లు," అని చెప్పింది ఫోన్లో.

"నలభై. పాయింటుకి పన్నెండు వందలు, వైరుతో సహా. నలభై ఎనిమిది వేలు అని చెప్పు," అన్నాడు బావ.

ఆ అంకె వినగానే టైలరమ్మ మొహం విప్పారింది. "నా దగ్గర అరవై ఉంది. ఇంకా మిగులుతుందన్నమాట."

ఆ నలభై ఎనిమిదికి తోకలున్నాయని మీటరమ్మకి తెలుసు. ఆ లైన్లో అందరూ చెప్పే తీరే అది, బావ ఒక్కడిదీ కాదు. పెద్ద పాయింటుని రెండుగా లెక్క కడతారు. స్విచ్చులు, ప్లేట్లు ఇంటివాళ్ళవి. మెయిన్ బోర్డు విడిగా. అవన్నీ సగం పని అయ్యాక, గోడలు తెరిచి ఉన్నప్పుడు బయటికొస్తాయి. అప్పుడు ఇంటివాళ్ళు కాదనలేరు.

"అక్కా, ఒక్క మాట," అంది చివరికి. "ఈ నలభై ఎనిమిదిలో స్విచ్చులూ బోర్డూ లేవు. అన్నీ కలిపితే డెబ్భై అయిదు దాటుతుంది."

టైలరమ్మ కుర్చీలో కూలబడింది. తలెత్తి అడిగింది. "మీ బావ తరఫున వచ్చి నువ్వే చెబుతున్నావేమమ్మాయ్?"

"మధ్యలో చెబితే మీరు నా మొహాన ఉమ్మేస్తారు కాబట్టి."

"అయితే నువ్వు లెక్క కట్టు. బట్టకి నేను కడతాను చూడు, చేతికెంత, మెడకెంత, మడతలకెంత అని. అలా కట్టు."

ఆ సాయంత్రం బావ ఇంట్లో గొడవ అయింది. అక్క మధ్యలో నిలబడి ఇద్దరికీ మంచినీళ్ళిచ్చింది.

"నా గిరాకీకి నా రేటు విప్పి చూపిస్తావా?" అన్నాడు బావ.

"మోసమని చెప్పలేదు బావా. మొత్తం ఎంతవుతుందో చెప్పానంతే."

"వైరు కొలిచి ధర చెప్పినవాడు ఎప్పుడూ బాగుపడలేదు. గోడలో ఏముందో ఎవడికి తెలుసు? పాయింటు రేటైతే తేడా వస్తే అందులోనే సర్దుకుంటుంది. నీకంత నమ్మకముంటే ఈ పని నువ్వే చెయ్యి. వైరు తగ్గినా, గోడ ఎదురు తిరిగినా నీ జేబే. నా దగ్గరికి రాకు."

"సరే," అంది ఆమె.

మర్నాడు పొద్దున్నే టేపు తీసుకుని ఫ్లాటుకి వెళ్ళింది. టైలరమ్మ ఒక కొస పట్టుకుంది.

"నేలమీద కొలిచి ఊరుకుంటే సరిపోదక్కా. వైరు బోర్డు నుంచి పైకెక్కాలి, కప్పు వెంట నడవాలి, మళ్ళీ స్విచ్చు దగ్గరికి దిగాలి. ఎక్కడం దిగడం కూడా కలపాలి. పైగా వెళ్ళే తీగ ఒకటి, వచ్చే తీగ ఒకటి, అందుకని రెట్టింపు. కొసలు మడవడానికి పదో వంతు అదనం."

"కుట్టు మార్జిన్ అన్నమాట."

"అదే."

మధ్యాహ్నానికి లెక్క తేలింది. వైర్లు అన్నీ కలిపి ముప్ఫై రెండు వేలు. స్విచ్చులు, సాకెట్లు, ప్లేట్లు, పెట్టెలు పద్నాలుగు. మెయిన్ బోర్డు, దానిలోని బ్రేకర్లు, కరెంటు లీకైతే తనంతట తనే ఆపేసేదానితో సహా తొమ్మిది. గోడ చెక్కి పైపు వేసి పూడ్చడానికి మూడున్నర. కూలి చిన్న పాయింటుకి రెండు వందల యాభై, పెద్దదానికి అయిదు వందలు, వెరసి పదకొండు. మొత్తం అరవై తొమ్మిదిన్నర వేలు.

టైలరమ్మ నిట్టూర్చింది. "నిజం చెప్పావు గానీ, నా నిజం అరవై దగ్గరే ఆగిపోయిందమ్మా. సన్నవైరు వేస్తే?"

"ఇస్త్రీకి సన్నవైరు వేస్తే మళ్ళీ పొగే. అది మాత్రం నేను వెయ్యను."

ఆమె గదులన్నీ మళ్ళీ ఒకసారి తిరిగింది. మెయిన్ బోర్డు గుమ్మం పక్కన ఉంది. ఇస్త్రీ బల్లలు ఇంటి ఆ చివర. ఒక్కో ఇస్త్రీకి మందపాటి వైరు ఇరవై మీటర్ల దారి నడవాలి, రెండు తీగలు లెక్కేస్తే నలభై. రెండు ఇస్త్రీలకే ఎనభై. గీజరుకీ వంటింటికీ కలిపి ఇంకో నలభై నాలుగు. తొంభై మీటర్ల చుట్ట ఒకటి చాలదు, రెండో చుట్ట కొనాల్సిందే. చుట్ట అయిదు వేలు.

హాల్లో గుమ్మం పక్క గోడకి ఆనించి కత్తిరింపు బల్ల ఉంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడిపోయింది.

"అక్కా, కత్తిరింపు వెనక గదిలో పెట్టి, ఇస్త్రీలు ఇక్కడికి తేకూడదా?"

"కత్తిరింపుకి వెలుతురు కావాలి. ఇక్కడ కిటికీ ఉంది కదా."

"వెనక గదిలోనూ కిటికీ ఉంది. దానికి అడ్డంగా బీరువా పెట్టారు."

ఇద్దరూ కలిసి బీరువా జరిపారు. తెల్లటి వెలుగు గదిలోకి దూకింది. మిషన్ల దగ్గర కూర్చుని చేత్తో గుండీలు కుడుతున్న ఆడవాళ్ళు నలుగురూ ఒక్కసారి తలలెత్తారు.

"ఇన్నేళ్ళూ ఎండని బీరువా వెనక దాచుకున్నానన్నమాట," అని టైలరమ్మ పకపకా నవ్వింది.

ఇస్త్రీలు హాల్లోకి వస్తే ఒక్కోదానికీ ఆరు మీటర్ల దారి చాలు. అన్ని పెద్ద పాయింట్లూ, కొసల అదనమూ కలిపి డెబ్భై అయిదు మీటర్లలోపే, ఒక్క చుట్ట. అయిదు వేలు మిగిలాయి. ఎవరూ వెయ్యని అలంకారపు గోడ దీపాలు ఆరున్నాయి, వాటి పాయింట్లు తీసేశారు. సన్నవైరు ఒక చుట్ట తగ్గింది, రెండు వేలు. వాటి కూలి, స్విచ్చులు కలిపి ఇంకో మూడు వేలు.

"యాభై తొమ్మిదిన్నర," అంది మీటరమ్మ. "దీనికి మించి ఒక్క పైసా అడగను."

"మొదలెట్టు," అంది టైలరమ్మ.

కరెంటు తీసేసి పని మొదలైంది. పడకగదులు సాఫీగా సాగాయి. పాత తీగకి కొత్త తీగ కట్టి ఒక వైపు లాగితే మెత్తగా జారుకుంటూ వచ్చేది. ఇక ఏముంది అనుకుంటున్నప్పుడు వంటింటి లైను మొండికేసింది. పాత తీగ కదల్లేదు. అటునుంచి లాగినా, ఇటునుంచి పైపులోకి పొడవాటి ఉక్కు స్ప్రింగు తోసినా మధ్యలో ఏదో రాయిలా అడ్డం పడింది.

మామూలుగా అయితే గోడ పొడవునా చెక్కాలి. చెక్కితే పైపు కొత్తది, సిమెంటు, రంగు, రెండు రోజుల కూలి. తన కూలిలోంచే పోతుంది, అదీ చాలదు. బావ మాటలు చెవిలో మోగాయి. టైలరమ్మ చేతిలో సూది కదలడం ఆగింది.

"కాసేపు ఎవరూ మాట్లాడకండి," అంది మీటరమ్మ.

స్ప్రింగు ఎంత లోపలికి వెళ్ళి ఆగిందో దానిమీదే వేలితో గుర్తు పెట్టి బయటికి లాగింది. టేపుతో కొలిచింది. రెండు మీటర్ల పదిహేను సెంటీమీటర్లు. అవతలి కొస నుంచి కూడా అలాగే కొలిచింది. రెండు కొలతలూ గోడమీద వేస్తే ఒకే చోట, తలుపు చట్రం పైన, అరచేయి అంత మేరలో కలిశాయి. పైపు పొడవునా పూడుకుపోయి ఉంటే రెండు వైపుల నుంచీ ఇలా ఒకే చోట ఆగదు. అక్కడ ఏదో ఉండాలి. టార్చిని గోడకి ఆనించి పక్కగా వెలుతురు వేసింది. రంగు కింద చతురస్రంగా ఒక గీత, గోరు గీసినంత సన్నగా కనిపించింది.

"జాయింటు పెట్టె!" అని అరిచింది. "ఎవడో మహానుభావుడు దీనిమీద పూత పూసేశాడు!"

ఉలితో నాలుగు దెబ్బలు వేసింది. పూత ఊడి పాత పెట్టె బయటపడింది. లోపల ముడులు ముడులుగా తీగలు, వాటి నిండా గట్టిపడిన సిమెంటు. శుభ్రం చేసి లాగేసరికి పాత తీగ సర్రున వచ్చేసింది. దాని వెనకే ఎర్రగా కొత్త రాగి తీగ. మిషన్ల దగ్గర ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. ఒకామె ఈల కూడా వేసింది.

పని పూర్తయిన పొద్దున బావ వచ్చాడు. పిలవకుండానే. చేతులు వెనక్కి కట్టుకుని ఇల్లంతా తిరిగాడు. బోర్డు మూత తెరిచి ఒక్కో బ్రేకరునీ చూశాడు, ఇస్త్రీలకి విడివిడిగా ఉన్నాయా లేదా అని. తనే మీటరు పెట్టి లైన్లన్నీ పరీక్షించాడు. తప్పు దొరుకుతుందని చూశాడో, దొరక్కూడదని చూశాడో ఆయనకే తెలియాలి.

"మెయిన్ వెయ్యి," అన్నాడు.

మీటరమ్మ మెయిన్ వేసింది. ముందు లీకేజీ బ్రేకరు పరీక్ష మీటని నొక్కింది, బ్రేకరు ఠక్కున పడిపోయింది. మళ్ళీ ఎత్తింది. లైట్లు వెలిగాయి. ఫ్యాన్లు తిరిగాయి. నాలుగు మిషన్లూ ఒక్కసారి గొంతెత్తాయి. టైలరమ్మ ఒక ఇస్త్రీ పెట్టె పెట్టింది, ఊపిరి బిగపట్టి రెండోది పెట్టింది. అందరూ ట్యూబులైటు వైపు చూశారు. అది రెప్ప కూడా ఆర్పలేదు.

"అమ్మాయ్!" అని టైలరమ్మ ఆమెని గట్టిగా వాటేసుకుంది. "ఆర్డరు రాత్రికి రాత్రి కుట్టి పారేస్తాను చూడు!"

రాత్రికి రాత్రి కుట్టలేదు గానీ, గడువుకి ముందే ఇచ్చింది. ఆసుపత్రి వాళ్ళు ఇంకో ఆర్డరు ఇచ్చారు.

ఆ పొద్దున బావా మరదలూ మెట్లు దిగుతుంటే కింది అంతస్తు పెద్దాయన అడ్డొచ్చాడు. పైన ఏం పని జరిగిందో వివరంగా విన్నాడట. తన ఇంటికీ అలాగే విడివిడిగా చెప్పాలన్నాడు. ఆయన వెనకే ఎదురింటావిడ, ఆవిడ వెనకే భవనం సంఘం కార్యదర్శి. మెట్ల దీపాలు, నీళ్ళ మోటారు లైను, అన్నీ మార్చాలట.

అలవాటుగా బావ ముందుకి అడుగేశాడు. "పాయింటుకి..." అని మొదలుపెట్టి ఆగాడు. మరదలి వైపు తిరిగాడు. మీసం కింద నవ్వు దాచుకోవడం ఆయనకి చేతకాలేదు.

"నన్నడిగితే ఏం లాభం? రేటు చెప్పేది ఈవిడ. నేను గోడలు చెక్కుతాను," అన్నాడు.

"బావా!"

"ఏమే, కూలి ఎంతిస్తావో ముందే చెప్పు. మధ్యలో తోకలు పెడితే ఊరుకోను."

కార్యదర్శి పైకి రమ్మని సైగ చేశాడు. మీటరమ్మ టేపు బయటికి తీసి మెట్లెక్కడం మొదలుపెట్టింది. రెండో కొస పట్టుకుని బావ ఆమె వెనకే ఎక్కాడు.