గోంగూర మాంసానికి ఒక సీసా

ఆ ఎడారి దేశంలో మద్యం కొనే పర్మిట్ ఇంద్రజ పేరు మీదే ఉంది కాబట్టి ఆమె భర్త ఆదిత్యను దుకాణం లోపలికి రానివ్వలేదు. వంట చేసేది మాత్రం అతనే. కారులోనే కూర్చుని, "గోంగూర మాంసం, కోడి వేపుడు అని చెప్పు. కారం తగ్గించేది లేదని కూడా చెప్పు," అన్నాడు.

ఆ సాయంత్రం అల్ అజీజియాలోని వాళ్ళ ఇంటికి పోర్చుగీసు చీఫ్ ఇంజనీరు, ఆయన భార్య తెరేసా భోజనానికి వస్తున్నారు. స్టేడియం పైకప్పుకు ఇంద్రజ గీసిన డ్రాయింగులను మీటింగులో అందరూ కాదన్నప్పుడు ఆమె పక్షాన నిలబడింది ఆయనొక్కడే. ఆ కృతజ్ఞతతోనే జీవితంలో మొదటిసారి వైన్ కొనడానికి వచ్చింది.

లోపల చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. సీసాల వరసల మధ్య నడుస్తుంటే ఏదో చెరువు అడుగున తిరుగుతున్నట్టనిపించింది. కోట బొమ్మ ఉన్న ఎర్ర వైన్ ఒకటి బరువుగా, గొప్పగా కనిపిస్తే చేతిలోకి తీసుకుంది.

"ఏం వండుతున్నరమ్మా?" తెలుగులో అడిగారెవరో. దుకాణం వాళ్ళ చొక్కా, దాని మీద రాజన్న అని ఉంది.

ఆమె చెప్పింది. రాజన్న ఆ సీసాను మెల్లగా తీసుకుని అరలో పెట్టేశాడు.

"దీంట్ల వగరు ఎక్కువ, ఆల్కహాల్ గూడ ఎక్కువే. గుంటూరు కారం మీద పడితే మంట ఇంకా లేస్తది. ఈ జర్మనీ రీస్లింగ్ తీస్కపోండ్రి. తెల్ల వైన్. జర తీపి, మంచి పులుపు. గోంగూరకు ఆ పులుపే కావాలె."

"తీపంటే చిన్నచూపు చూస్తారేమోనండీ."

"తాగినంక అడుగుండ్రి. మూడు గంటలు ఫ్రిజ్‌ల పెట్టుండ్రి. ఈ ఎండకు కార్ల మాత్రం ఉంచకుండ్రి."

రాత్రి భోజనాల బల్ల దగ్గర చీఫ్ లేబుల్ చదివి సీసా పక్కన పెట్టేశాడు. ఇంద్రజ తెరేసా వైపు చూసింది. తెరేసా గోంగూర ముద్ద నోట్లో పెట్టుకోగానే కారానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత మాంసం గిన్నె తనవైపు లాక్కుంది.

"ఈ ఆకు ఏమిటి?" అని అడిగింది, ఆదిత్యను.

అతను ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టాడు. అప్పుడు ఇంద్రజ కూడా ఒక చుక్క నాలుక మీద వేసుకుంది. పచ్చి ఆపిల్ వాసన, చల్లదనం, వెనకనే సన్నటి తీపి. కారం పోలేదు, దూరంగా జరిగి కూర్చుంది, అంతే. కిటికీ అవతల దుమ్ములో క్రేన్ల దీపాలు తేలుతున్నాయి. చీఫ్ స్టేడియం పైకప్పు గురించి ఏదో మాట్లాడుతున్నాడు. ఇంద్రజ వింటున్నట్టే తల ఊపింది. ఆమెకు మాత్రం తెరేసా పళ్ళెంలో మూడోసారి పడుతున్న అన్నమే కనిపిస్తోంది.