రూతు గ్రైండర్ కొన్న రోజు

రూతుకు చూపు లేదు, బావ మాత్రం ఉన్నాడు. పోయినేడు జనగామలో చీర కొన్నప్పుడు మిషన్ మీద అంకెలు దొరకక కార్డు పిన్ను పైకి చెప్పింది. అది విన్న పోశాలు బావ ఆనాటి నుంచి ఆమెను పేరు పెట్టి పిలవడం మానేశాడు.

"ఏమే ముప్పై ఒకటి నలభై ఏడూ, అన్నం తిన్నవా?"

రూతు పిన్ను మార్చింది. కొత్తది ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టుకుంది.

ఇవాళ మహబూబాబాదులో గ్రైండర్ కొంటోంది. ఆరు వేల నాలుగు వందలు. మోయడానికి బావను తెచ్చుకోక తప్పలేదు.

ముందు ఫోన్ తీసింది. తెర చీకటిగానే ఉంది. ఎవరూ చూడకుండా ఆమె ఎప్పుడూ అట్లాగే పెట్టుకుంటుంది.

"నీ ఫోన్ సచ్చిపోయింది బిడ్డా," అన్నాడు షాపు కుమారస్వామి.

"బతికే ఉన్నదన్నా, నా చెవిలనే మాట్లాడుతది."

కానీ నిన్ననే యాప్ కొత్తగా మారింది. డబ్బులెంతో కొట్టే చోట ఏ అంకె మీద వేలు పెట్టినా చెవిలో ఒకటే మాట: "బటన్. బటన్. బటన్."

కార్డు తీసింది. కుమారస్వామి మిషన్ ఇచ్చాడు. తడిమితే అద్దంలా నున్నగా ఉంది. అంకెలు పలికే నోరు కూడా లేదు దానికి.

"నంబర్ చెప్పు బిడ్డా, నేను కొడ్త."

"చెప్పే చెప్పు," బావ గొంతులో పండుగ.

"బటన్ల మిషన్ లేదా అన్నా?"

"పాతది ఉన్నది. బిల్లులు ఎగిరిపోకుంట బరువుకు పెట్టిన."

దాన్ని కాసేపు చార్జింగు పెట్టారు. రూతు తడిమింది. నడుమ అయిదు మీద చిన్న బొడిపె. కింద రద్దు చేసే దాని మీద ఇంటు గుర్తు, ఓకే మీద గుండ్రటి గీత. అయిదు దొరికితే చాలు, మిగతావి దాని చుట్టాలే.

"ఎంత కొట్టినవన్నా?"

"అరవై నాలుగు వేలు," అన్నాడు బావ.

"నిన్నడగలే."

"ఆరు వేల నాలుగు వందలే బిడ్డా," అన్నాడు కుమారస్వామి.

"సరే. అందరు కండ్లు మూసుకోండ్రి."

కుమారస్వామి, బావ, ఇద్దరు పనోళ్లు, షాపులో నలుగురూ మూసుకున్నారు. రూతు చున్నీ కప్పి చెయ్యి లోపల పెట్టింది. ఆగింది.

"బావా, జర్దా వాసన దగ్గరికొచ్చింది. ఎనుకకు జరుగు."

వాసన వెనక్కి జరిగింది. నాలుగు అంకెలు, గుండ్రటి గీత. మిషన్ గుర్రుమని కాగితం కక్కింది. ఆ వెంటనే చెవిలో ఫోన్ మెసేజ్ చదివింది: ఆరు వేల నాలుగు వందలు కట్.

"అయిందా?" అన్నాడు బావ.

"అది షాపోళ్ల కాగితం. మనది ఇంకా రావాలె. మూసుకొనే ఉండు."

రూతు స్టూలు వెతుక్కుని కూర్చుంది. అప్పుడే మిక్సీ జారు కోసం గంగి వచ్చింది. కళ్లు మూసుకుని నిలబడ్డ నలుగురినీ చూసి చెప్పులు విడిచింది.

"ప్రార్థన నడుస్తున్నదా అక్కా?" మెల్లగా అడిగింది.

"ఆఁ, అయిపొచ్చింది," అంది రూతు. "ఆమెన్. బావా, గ్రైండర్ లేపు."