నాలుగో మూల

తబితకి లెక్కల్లో అన్నీ వచ్చు, త్రీడీ జామెట్రీ ఒక్కటే రాదు. పోయిన ఏడాది ఎంట్రన్సులో వెక్టర్లూ, త్రీడీ కలిపి తొమ్మిది ప్రశ్నలొస్తే రెండింటితో ఇరవై నిమిషాలు కుస్తీ పట్టి, మిగతా ఏడూ కళ్లు మూసుకుని గుర్తు పెట్టేసి వచ్చింది. ర్యాంకు చూసుకున్నాక ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అందుకే ఆ పిల్లకి ఇంకా బాధేసింది. మళ్లీ రాస్తానని తనే చెప్పి, కడియంలో ఇంటి దగ్గరే ఉండి లాంగ్ టర్మ్ చదువుకోవడం మొదలెట్టింది.

వాళ్ల నాన్న ఆశీర్వాదం నర్సరీలో అంట్లు కట్టే మనిషి. రాజమండ్రి దానవాయిపేటలో లలితాంబ గారి డాబా మీద కుండీలన్నీ ఆయన చేతిమీదుగా వెళ్లినవే. లలితాంబ గారు గవర్నమెంటు జూనియర్ కాలేజీలో ముప్ఫై మూడేళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఒకరోజు మందారానికి పురుగు మందు కొడుతూ, మా అమ్మాయికి ఒక్క త్రీడీ దగ్గరే కాళ్లు వణుకుతాయండి అని ఆశీర్వాదం అన్నాడు. ఆదివారం చర్చి అయ్యాక పంపించమన్నారావిడ.

మొదటి ఆదివారమే తబితకి ఒళ్లు మండింది. ఫార్ములాలన్నీ కంఠతా పట్టి వెళితే, ఆవిడ పెన్ను పక్కన పెట్టించి గది మూలకి తీసుకెళ్లి నిలబెట్టారు. రెండు గోడలూ నేలా కలిసే చోట వేలు పెట్టి, ఇది మూలబిందువు, ఈ మూడు అంచులూ మూడు అక్షాలు, ఇప్పుడు ప్రశ్న చదివి ఏది ఎక్కడుందో చూపించు అన్నారు. చూపించలేకపోయింది. చూపించలేనిదాన్ని ఎలా లెక్క కడతావని ఆవిడ నెమ్మదిగానే అడిగారు.

ఆవిడ దగ్గర పాత ప్రశ్నపత్రాలు ఓ బీరువా నిండా ఉన్నాయి. అంచులు పసుపెక్కినవీ, ఈమధ్య ప్రింటౌట్లు తీసినవీ ఏడాది వారీగా దారంతో కుట్టి పెట్టుకున్నారు. రోజుకి పది ప్రశ్నలు. ప్రతిదానికీ ముందు బొమ్మ, తర్వాత లెక్క, ఆఖర్న పరీక్ష. పరీక్షంటే, చేతికందే చిన్న ఉదాహరణ ఒకటి తీసుకుని, జవాబు దానికి సరిపోతుందో లేదో చూడటం.

నాలుగో వారం ఘనం ప్రశ్న వచ్చింది. ఘనంలో ఈ కొస నుంచి ఎదుటి కొసకి లోపలినుంచి పోయే కర్ణాలు నాలుగు. ఏదో ఒక సరళరేఖ ఆ నాలుగింటితో నాలుగు కోణాలు చేస్తోంది. ఆ కోణాల కొసైన్‌ల వర్గాల మొత్తమెంత? ఏదో ఒక రేఖ అంటే ఏ రేఖండీ అని తబిత అడిగింది. నీకు నచ్చినది తీసుకో అన్నారావిడ.

తబిత బొమ్మ గీసి, అన్నిటికంటే సుళువని ఒక అంచునే రేఖగా తీసుకుంది. అంచుకి నాలుగు కర్ణాలూ ఒకే వాలులో ఉన్నాయి. ఒక్కోటి ఒకటి బై మూడు చొప్పున మొత్తం నాలుగు బై మూడు. ఇప్పుడు రేఖని తిప్పి కర్ణం మీదే పడుకోబెట్టు అన్నారు లలితాంబ గారు. దానితో దానికి కోణం సున్నా కాబట్టి ఒకటి. మిగతా మూడింటితో ఒకటి బై తొమ్మిది చొప్పున మూడు. ఒకటీ, ఒకటి బై మూడూ. మళ్లీ నాలుగు బై మూడే.

ఎక్కడో తప్పు చేశాననుకుని తబిత మళ్లీ లెక్క కట్టింది. తప్పు లేదు. ముఖం మీది కర్ణం వెంబడి రేఖని పెట్టి చూసింది. ఈసారి రెండు విలువలు సున్నా అయిపోయాయి, మిగిలిన రెండూ రెండు బై మూడు చొప్పున. మొత్తం మాత్రం కదల్లేదు.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి, నర్సరీలో మొక్కలకి ఊతం పెట్టే వెదురు పుల్లలు పన్నెండు ఒకే కొలతకి కోయించుకుని, నాన్న చేత ఘనంలా కట్టించింది. మూలనుంచి మూలకి పురికొస లాగి నాలుగు కర్ణాలు కట్టింది. పదమూడో పుల్ల చేత్తో పట్టుకుని మధ్యలో అటు తిప్పీ ఇటు తిప్పీ చూస్తూ కూర్చుంది. ఎటు తిప్పితే అటు కోణాలు మారిపోతున్నాయి. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతోంది. కానీ ఆ నాలుగింటి మధ్యా ఎవరూ చెప్పకుండానే ఒక లెక్క కుదిరిపోతోంది. ఎవరు కుదిర్చారు దీన్ని? ఆశీర్వాదం పక్కనే చతికిలబడి, ఏంటమ్మా అంతలా చూస్తున్నావని అడిగాడు. తబిత పుల్లని ఇంకోసారి తిప్పి చూపించింది. చర్చిలో పాట ఆగిపోయాక ఒక్క క్షణం అందరూ ఊపిరి బిగబట్టినట్టుంటుందే, అలా ఉంది ఆ పిల్లకి.

ఆ రోజునుంచి భయం పోయిందని చెప్పను గానీ, భయం ఉన్న చోటే ఇంకొకటి వచ్చి కూర్చుంది.

ఒక్క సంగతి మాత్రం లలితాంబ గారు గట్టిగా చెప్పారు. చిన్న ఉదాహరణ అబద్ధాన్ని పట్టిస్తుంది గానీ నిజాన్ని రుజువు చెయ్యదు. జవాబు దానికి సరిపోకపోతే ఆ జవాబు తప్పే, ఇంక మాట్లాడక్కర్లేదు. సరిపోయిందంటే మాత్రం ఇంకా తప్పని తేలలేదనే.

సంక్రాంతి వెళ్లాక ఒక ఆదివారం, ఆవిడ పాత చేతిరాత నోట్సు ఒకటి తీసి తబిత చేతిలో పెట్టారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో రాసుకున్నది. నీలం సిరా, ముత్యాల్లాంటి అక్షరాలు. ఎన్నో బ్యాచీల పిల్లలు దాన్నే కాపీ చేసుకున్నారట. ఇందులోంచి చేస్తూ ఉండమని చెప్పి ఆవిడ కాఫీ పెట్టడానికి వెళ్లారు.

ముప్ఫై ఏడో ప్రశ్న. మూలబిందువు నుంచి ఎప్పుడూ పి దూరంలోనే ఉంటూ కదిలే తలం ఒకటి మూడు అక్షాలని ఎ, బి, సి అనే చోట్ల కోస్తుంది. మూలబిందువు ఓ, ఈ మూడు చోట్లూ కలిసిన ఓఎబిసి టెట్రాహెడ్రన్‌కి సెంట్రాయిడ్, అంటే నాలుగు మూలల సగటు చోటు, ఏ దారిన నడుస్తుంది? ఎక్స్, వై, జెడ్ వర్గాల విలోమాల మొత్తం తొమ్మిది బై పి స్క్వేర్ అని నోట్సులో జవాబు, దాని కింద రెండు గీతలు.

తబిత అలవాటు ప్రకారం ముందు బొమ్మ గీసింది. గది మూలలో వాలుగా ఒక అట్ట ఆనించినట్టు తలం. గోడలూ నేలా ఆ అట్టా కలిసి నాలుగు ముఖాల దిమ్మ అయింది. దిమ్మకి మూలలు నాలుగు. మూడు అట్ట మీద, నాలుగోది గది మూలే. తర్వాత చిన్న ఉదాహరణ. అట్ట మూడు అంచుల్నీ సరిగ్గా మూడేసి దూరంలో తాకిందనుకుంది. అప్పుడు పి స్క్వేర్ మూడు. నాలుగు మూలల సగటు మూడు బై నాలుగు, మూడు వైపులా అంతే. దాని వర్గాన్ని తిరగేస్తే పదహారు బై తొమ్మిది. అలాంటివి మూడు కలిపితే పదహారు బై మూడు.

నోట్సు ప్రకారం తొమ్మిది బై మూడు, అంటే మూడు రావాలి.

తబిత ఆ రెండు అంకెలకేసి చూస్తూ ఉండిపోయింది. మేడమ్ గారి నోట్సు తప్పయ్యే ప్రసక్తే లేదు, తనే ఏదో పొరపడింది. మళ్లీ గీసింది. మళ్లీ అదే వచ్చింది. అట్ట మీది త్రిభుజానికి మాత్రమే సగటు తీస్తే ఒకటి, ఒకటి, ఒకటి. అప్పుడు మొత్తం మూడు. నోట్సు జవాబు అచ్చంగా అదే. అంటే ఇది రాసినవాళ్లు నాలుగో మూలని మర్చిపోయారు.

కాఫీ గ్లాసులతో లలితాంబ గారు వచ్చేసరికి ఆ పిల్ల పుస్తకం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏంటమ్మా అని అడిగితే, ఏం లేదండి అంది. ఆవిడ ఊరుకోలేదు.

"మూడు మూడు మూడు వేసి చూశానండి," అంది తబిత ఆఖరికి. "తొమ్మిది రావట్లేదండి. పదహారు వస్తోంది."

లలితాంబ గారు గ్లాసులు కింద పెట్టి, కళ్లజోడు సర్దుకుని, బొమ్మ వైపు చూశారు. నోట్సు వైపు చూశారు. కాగితం అందుకుని తనే అంకెల్లేకుండా అక్షరాలతో లెక్క కట్టారు. తలం అక్షాల్ని కోసే దూరాల వర్గాల విలోమాల మొత్తం ఒకటి బై పి స్క్వేర్. సెంట్రాయిడ్ ఆ దూరాల్లో నాలుగో వంతు. నాలుగుకి వర్గం పదహారు. మూడే మూడు వరసలు. కాఫీ మీద మీగడ కట్టేదాకా ఆవిడ వాటినే మళ్లీ మళ్లీ సరిచూసుకున్నారు.

"బొమ్మ గియ్యలేదమ్మా నేను," అన్నారు ఆవిడ. "ఆ రోజుల్లో నేనూ ఫార్ములాల మనిషినే. త్రిభుజం జవాబు నోటికొచ్చు కదాని రాసేశాను. తర్వాత ఇన్నేళ్లూ మీకందరికీ గియ్యండని చెప్పాను గానీ, ఈ పుస్తకం మళ్లీ తెరిచి చూసుకోలేదు."

కోప్పడతారేమో, చిన్నబుచ్చుకుంటారేమో అని తబిత బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. ఆవిడ ముఖంలో ఆ రెండూ లేవు. కొండ చివర నిలబడి మొదటిసారి గోదారి చూసినవాళ్ల ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది. ముప్ఫై మూడేళ్ల పైమాట, వందలమంది పిల్లలు, నీలం సిరా, రెండు గీతలు, వీటన్నిటినీ పట్టుకుని మూడు అనే చిన్న అంకె నిలబెట్టి అడిగింది. ఎవరి పుస్తకం, ఎవరి వయసు అని చూడలేదు. ఆ మాటే ఆవిడ పైకి అన్నారు. తను చేసింది అంత పెద్ద పనని అప్పటిదాకా తబితకి తెలీదు.

లలితాంబ గారు ఎర్ర పెన్నుతో తొమ్మిదిని కొట్టేసి పదహారు వేశారు. పక్కన తేదీ వేసి, తబిత అని రాశారు. ఆ తర్వాత ఫోన్ తీసి ఉదయ్‌భాస్కర్‌కి చేశారు. అతను ఆవిడ పాత శిష్యుడు, ఇప్పుడు తణుకులో ఒక కాలేజీలో లెక్కల లెక్చరరు. ఈ నోట్సులోంచే ప్రశ్నలు తీసి తన పిల్లలకి మెటీరియల్ వేయించాడు. ముప్ఫై ఏడో లెక్క తప్పు నాయనా, ఒక అమ్మాయి పట్టుకుంది, తనే చెబుతుంది విను అని ఫోన్ తబితకిచ్చారు.

తబిత బొమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టింది. గది మూల, వాలుగా అట్ట, మూడేసి దూరం. అవతల పెన్ను కదుల్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగిపోయింది.

"రెండేళ్ల కిందట మా క్లాసులో ఒకమ్మాయి లేచి ఇదే అందండి," అన్నాడు ఉదయ్‌భాస్కర్. "మా మేడమ్ గారు రాసిందమ్మా, కూర్చోమన్నాను. ఫణిశ్రీ అని. కూర్చుందండి పాపం."

తబిత ఫోన్ మేడమ్ గారికిచ్చేసింది. ఆవిడ అతన్ని తప్పుపట్టలేదు. ఆ అమ్మాయి ఎక్కడుందో కనుక్కుని చెప్పు అని మాత్రం అన్నారు.

మర్నాడు సాయంత్రం తబిత ఫోన్‌కి ఒక ఫొటో వచ్చింది. తణుకు కాలేజీలో నల్లబోర్డు. బోర్డు నిండా గది మూల, దానికి ఆనించిన వాలు తలం, పక్కన మూడు మూడు మూడు, కింద పదహారు బై పి స్క్వేర్. నాలుగు సెక్షన్లలోనూ ఇదే గీసి, తప్పు దిద్దించానని ఉదయ్‌భాస్కర్ కింద రాశాడు. ఫణిశ్రీ భీమవరంలో ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతోందనీ, పొద్దున్నే ఫోన్ చేసి క్షమాపణ అడిగాననీ కూడా రాశాడు. ఆ అమ్మాయి నవ్వి, నాకు గుర్తుందండీ, ఇంటికెళ్లి మళ్లీ మళ్లీ చేసుకున్నాను, పదహారే వచ్చింది అందట.

నర్సరీలో మొక్కలకి నీళ్లు పెట్టే వేళ అది. తబిత ఫొటోని పెద్దది చేసి చూసింది. బోర్డు కింద రెండు పేర్లున్నాయి. ముందు ఫణిశ్రీది, తర్వాత తనది. ఎన్నడూ చూడని ఒకమ్మాయి, రెండేళ్ల కిందట, ఎక్కడో ఒక గదిలో ఒంటరిగా కూర్చుని ఇదే బొమ్మ గీసి ఇదే జవాబుకి వచ్చింది. ఎవరూ ఒప్పుకోకపోయినా ఆ పదహారు అక్కడ అలాగే ఉంది. తను వెళ్లేసరికీ ఉంది. ఇంకెవరు వెళ్లినా ఉంటుంది.

వాళ్లమ్మ సంపూర్ణమ్మ గొట్టం పట్టుకోమని కేకేసింది. వస్తున్నానమ్మా అంటూనే తబిత ఇంకాసేపు అక్కడే నిలబడిపోయింది.