పిల్లల వార్డుకు పుష్పమ్మ దరఖాస్తు

నర్సు పరీక్ష పాసయి పుష్పమ్మ ఊరికి వచ్చి పదకొండు రోజులయింది. అది 1949 నవంబరు. మోత్కూర్‌కు మూడు కోసుల దూరంలో ఉన్న ఆ ఊళ్లో, మాలగూడెం కొసన తమ గుడిసె ముందు కూర్చుని, పీట మీద కాగితం పెట్టుకుని ఆమె దరఖాస్తు రాస్తోంది. కొత్తకోట అవతల ఒక మిషన్ దవాఖానలో పిల్లల వార్డుకు నర్సు కావాలని చర్చి పత్రికలో పడింది. సొంత దస్తూరితో, ఎక్కడెక్కడ పనిచేశారో వివరంగా రాసి పంపాలని అందులో ఉంది.

పక్కనే ఆమె తండ్రి ఎల్లస్వామి ఆముదం కాయలు ఒలుస్తున్నాడు. దొర గడిలో పాతికేళ్లు వెట్టి చేసినవాడు. కూతురికి ఎనిమిదేళ్లు రాగానే మిషన్ బడికి తోలినందుకు దొర అతన్ని ఎండలో నిలబెట్టి వీపు మీద బండరాయి ఎత్తించాడు. ఆ నొప్పి ఇప్పటికీ వానాకాలంలో తిరగబెడుతుంది.

"ఏం రాసినవో జర సదువు బిడ్డా," అన్నాడు.

పుష్పమ్మ చదివింది.

"మేట్రన్ గారికి నమస్కారములు. మూడున్నర సంవత్సరముల శిక్షణలో స్త్రీల వార్డులోను, ప్రసూతి వార్డులోను, శస్త్రచికిత్స వార్డులోను పనిచేసితిని. పిల్లల వార్డులో నాలుగు నెలలున్నాను. పసిబిడ్డలను రోజూ తూచి బరువు రాయుట, పాలు కొలిచి పట్టుట, మూడు గంటలకొకసారి పెన్సిలిన్ సూది వేయుట నాకు వచ్చును. విరేచనాలతో ఎండిపోయిన బిడ్డలకు డాక్టరు గారు తొడ చర్మం కింద సెలైన్ ఎక్కించునపుడు పక్కనుండి చూచుకొంటిని. డిఫ్తీరియా గొంతువాపు బిడ్డలను వేరుగా ఉంచి సేవ చేసితిని. శస్త్రచికిత్స వార్డులో కాలిన గాయములకు, తుపాకి గాయములకు కట్లు కట్టితిని."

ఎల్లస్వామి చేతిలో కాయ ఆగింది. "గా తుపాకి ముచ్చట తీసెయ్."

"ఎందుకు బాపూ? నిరుడు రజాకార్లు కాల్చినోళ్లు వార్డు నిండ ఉండిరి. చేసిన పనే గద."

"చేసినవు. కాగితం మీద ఎందుకు?"

పని తెలిసిన మేట్రనుకు ఆ మాటే ఎక్కువ చెబుతుందని పుష్పమ్మకు అనిపించింది. కొట్టెయ్యలేదు. ఇంకో రెండు వరుసలు రాస్తే అయిపోయేది.

బాట మీద లారీల మోత వినిపించింది.

గూడెంలో ఉన్న ఇద్దరు ముగ్గురు వయసు మగవాళ్లు ఆముదం చేలోకి ఉరికారు. లారీలు ఆగకముందే తుపాకులు పేలాయి. చేనులో ఎవరో ఒక్కసారి అరిచారు, మళ్లీ అరవలేదు. పోలీసులు గూడెం చుట్టూ తిరిగి ముసలివాళ్లను, ఆడవాళ్లను ఒక్కచోటికి తోలారు. కమ్యూనిస్టు దళం వాళ్లకు అన్నం పెట్టిందెవరని ఒక్కొక్కరినీ తుపాకి మడమలతో కుమ్మారు. అంజన్న అనే ముసలాయన పళ్లు రాలి రక్తం ఉమ్ముకుంటూ కింద పడ్డాడు.

పుష్పమ్మ సంచిలో ఒక కత్తెర, ఒక థర్మామీటరు, గాజుగుడ్డ చుట్ట దొరికాయి. పీట మీద కాగితం దొరికింది. అన్నీ తీసుకుపోయి ఆఫీసరు చేతికిచ్చారు. ఆయన కోస్తా మనిషి, కొత్తగా ఇటు వచ్చినవాడు. కాగితం మొత్తం చదివాడు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే సార్. నర్సు పనికి దరఖాస్తు."

"తుపాకి గాయాలకు కట్లు కట్టానని నువ్వే రాసుకున్నావు. ఎవరికి కట్టావు?"

"దవాఖానకు వచ్చినోళ్లకు. రిజిస్టర్ల అందరి పేర్లున్నయ్ సార్. రాసి తెప్పించుకోండ్రి."

"ఈ ఊళ్లో ఎవరికి కట్టావని అడుగుతున్నా."

"ఎవరికీ కట్టలే. నేను వచ్చి పదకొండు దినాలే అయింది."

ఆఫీసరు తల ఊపాడు. ఒక పోలీసు ఎల్లస్వామిని మోకాళ్ల మీద కూలేసి, బండరాయి మోసిన ఆ వీపు మీదే లాఠీతో బాదాడు. పుష్పమ్మ అడ్డం పోయి చెయ్యి పెట్టింది. తుపాకి మడమ ఆమె ఎడమ చేతి మీద దిగింది. చివరి రెండు వేళ్లు విరిగిన చప్పుడు ఆమెకే వినపడింది.

అప్పటికే అవతల వరుస గుడిసెలకు నిప్పంటించారు. ఎండాకాలం కాకపోయినా కప్పు గడ్డి గుప్పున అంటుకుంది. పొలం నుంచి ఉరికొచ్చిన సుక్కమ్మ, పొరుగింటామె, గుండెలు బాదుకుంటూ కేక పెట్టింది.

"నా మారి లోపలున్నది! జరమొచ్చి పండుకున్నది!"

మారి అంటే మారెమ్మ, నాలుగేళ్ల పిల్ల. సుక్కమ్మను ఇద్దరు పట్టుకున్నారు. పుష్పమ్మ ఎవరూ పట్టుకోకముందే పరుగెత్తింది. ఒక పోలీసు తుపాకి ఎత్తి గురి చూశాడు. మోకాళ్ల మీద ఉన్న ఎల్లస్వామి లేచి గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని తన వైపు గుంజుకున్నాడు. తుపాకి పేలి గుండు అతని కడుపులో దిగింది.

లోపల పొగలో పుష్పమ్మకు ఏమీ కనపడలేదు. దగ్గు వినిపించిన దిక్కుకు పాకింది. కప్పు ముక్క విరిగి పిల్ల మీద పడి ఉంది. కుడిచేత్తో పిల్లను చంకకెత్తుకుని బయటికి వచ్చింది. వచ్చేసరికి తండ్రి నేల మీద పక్కకు ఒరిగి ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఆమె నిలబడిపోయింది. చంకలో పిల్ల ఏడవడం లేదు, పళ్లు కటకటలాడిస్తూ వణుకుతోంది. ఏడ్చే పిల్ల కంటే ఏడవని పిల్లకే భయపడాలని వార్డులో నేర్పారు.

పుష్పమ్మ కింద కూర్చుంది.

"నీళ్లు తేండ్రి. కుండల సల్లటియి."

నీళ్లు పోసింది. వీపు, ఎడమ చెయ్యి మోచేతి పైదాకా కాలిపోయాయి. ఒక ముసలామె పేడ పట్టుకొచ్చింది. "వద్దవ్వా, ఏం పుయ్యొద్దు, సీము పడ్తది," అని ఆపింది. ఉతికిన చీర ఒకటి అడిగి, చింపి గాయాల మీద వదులుగా కప్పించింది. ఒళ్లు చల్లబడకుండా మిగతా మేనికి గొంగడి చుట్టించింది. తర్వాత ఆఫీసరు దగ్గరికి నడిచింది.

"లారీ కావాలె సార్. భువనగిరి దవాఖానకు. బండి మీద పోతే ఈ పిల్ల బతకదు."

ఆఫీసరు ఆమె వైపు చూడలేదు. చేతిలో ఉన్న దరఖాస్తును చూశాడు. అడుగున సగం పేజీ ఖాళీగా ఉంది.

"దీని కిందనే రాయి. ఈ ఊరి దళంవాళ్ల తుపాకి గాయాలకు నేను కట్లు కట్టాను, అని. సంతకం పెట్టు. లారీ ఇస్తా."

"అది అబద్ధం సార్."

"అయితే నీ ఇష్టం."

సుక్కమ్మ పుష్పమ్మ మొహంలోకి చూస్తూ నిలబడింది. అవతల ఎల్లస్వామి మీద ఎవరో తుండుగుడ్డ కప్పారు.

"ముందు పిల్లను ఎక్కించుండ్రి," అంది పుష్పమ్మ. "దవాఖాన దాక నేను గూడ వస్త. దారిల చూసేటోళ్లు కావాలె."

"పేర్లు కూడా రాయాలి."

"పేర్లు తెల్వయ్. మీరు కాల్చినా తెల్వయ్."

లారీ ఇంజను మొదలయ్యాక, పిల్ల సుక్కమ్మ ఒళ్లోకి చేరాక, బానెట్టు మీద కాగితం పెట్టి ఆయన చెప్పిన మాట రాసి సంతకం పెట్టింది. పైన ఉన్న దస్తూరీ, కింద ఉన్న దస్తూరీ ఒకటే. ఆఫీసరు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

గూడెం ఆడవాళ్లు ముంతలో ఇచ్చిన ఉప్పు గంజి తేటను దారి పొడుగునా చెంచాతో పిల్ల నోట్లో పోస్తూ వచ్చింది. నాడి లెక్కపెడుతూ వచ్చింది. భువనగిరిలో డాక్టరు ఎదురు రాగానే గబగబా చెప్పింది. "పొద్దున పది గంటలకు కాలింది. వీపు, ఎడమ చెయ్యి. ముందునుంచి జ్వరమున్నది. పద్దెనిమిది చెంచాల ఉప్పు గంజి తాగింది. ఒక్కసారి ఒంటికి పోసింది. నాడి నూటయాభై." డాక్టరు ఆమె మాట పూర్తయ్యేదాకా విన్నాడు. తర్వాత, లారీ దిగుతూనే పోలీసులు ఆమె చేతులకు వేసిన బేడీలు చూశాడు. ఆమె విరిగిన వేళ్లకు కట్టు కట్టడానికి పోలీసులు టైము ఇవ్వలేదు.

పది నెలలు జైల్లో ఉంది. మొదటి రెండు నెలలు పేర్ల కోసం కొట్టారు. ఒకసారి నీళ్లతొట్టిలో తల ముంచి పట్టుకున్నారు. పేర్లు లేవు కాబట్టి చెప్పలేదు. శిక్షణ ఇచ్చిన దవాఖానవాళ్లు రిజిస్టరు పంపారు. దాడికి పన్నెండు రోజుల ముందు దాకా ఆమె అక్కడ డ్యూటీలో ఉన్నట్టు, ప్రతి పూటా సంతకాలున్నట్టు అందులో ఉంది. కేసు నిలబడక వదిలేశారు.

ఊళ్లో తమ గుడిసె జాగాలో బూడిద మిగిలింది. సుక్కమ్మ కొత్తగా వేసుకున్న గుడిసెలో చోటిచ్చింది. మారి బతికింది. ఎడమ మోచేయి పూర్తిగా చాచలేదు గానీ ఆ చేత్తోనే కోడిపిల్లల్ని తరుముతోంది. ఎల్లస్వామిని ఎక్కడ పూడ్చారో సుక్కమ్మ చూపించింది. పుష్పమ్మ ఆ మట్టి దగ్గర ఒక పూటంతా కూర్చుంది. మర్నాడు కాగితం తెచ్చుకుంది.

అదే మిషన్ దవాఖానకు ఈసారి దరఖాస్తు రెండు పేజీలయింది. శిక్షణ అంతా మళ్లీ రాసింది. తర్వాత ఇట్లా రాసింది: "పది నెలలు జైలులో ఉన్నాను. ఒక కాలిన బిడ్డను దవాఖానకు చేర్చుటకు అబద్ధపు మాట రాసి సంతకము చేసితిని. కేసు కొట్టివేసినారు. నా ఎడమ చేతి రెండు వేళ్లు వంగవు. ఇవి తెలిసి పిలువదలచిన పిలువగలరు."

మూడు వారాలకు జవాబొచ్చింది.

ఆ దవాఖాన మేట్రన్ లీలమ్మ యాభై ఏళ్ల మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. పుష్పమ్మను పిల్లల వార్డు తలుపు దగ్గరే నిలబెట్టింది.

"గవన్నీ ఎందుకు రాసినవ్? రాయకుంటే నాకు తెలిసేదా?"

"రేపు ఎవరన్న చెప్తే తెలుస్తది గదమ్మా. అప్పుడు మీరు నేను చార్టు మీద రాసింది గూడ నమ్మరు."

లీలమ్మ ఆమె ఎడమ చేతిని తిప్పి చూసింది. వేళ్లు పక్కకు తిరిగి అతుక్కున్నాయి. "ఏడు నెలల పిల్లగాడున్నడు. నిమోనియా. సూది టైమైంది. నువ్వు వెయ్."

పుష్పమ్మ చేతులు కడుక్కుంది. ఉడికించిన సిరంజిని పటకారుతో తీసింది. సీసా మీద మోతాదు చదివి, మందు లాగి, వెలుగుకు ఎత్తి గాలిబుడగ పోగొట్టింది. చార్టుతో సరిచూసింది. పిల్లవాడి కాలు పట్టుకోవడానికి వేళ్లు చాలలేదు. మోచేతి కింది భాగాన్ని తొడకు ఆనించి కదలకుండా అదిమి, తొడ బయటి వైపు సూది దింపింది. పిల్లవాడు కెవ్వుమన్నాడు. దూదితో ఒత్తి, ఎత్తుకుని తల్లికిచ్చి, గడియారం చూసి చార్టు మీద రాసింది.

"మూడు నెలలు చూస్త," అంది లీలమ్మ. "పొద్దున ఏడింటికి డ్యూటీ. చీర తెల్లది. గాజులొద్దు."

రెండో రోజే మరిగే పప్పు ఒంటి మీద పడిన పిల్లను తెచ్చారు. కాలిన తోలు వాసన ముక్కుకు తగలగానే పుష్పమ్మ చేతిలోని పళ్లెం బల్ల మీద పెట్టేసింది. బయటికి పోయి, గోడకు ఆనుకుని కక్కుకుంది. కుళాయి దగ్గర నోరు పుక్కిలించి, మోచేతుల దాకా సబ్బుతో మళ్లీ చేతులు కడుక్కుంది. లోపలికి వచ్చి, పిల్ల మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"నీ పేరేంది బిడ్డా?" అని అడిగి, గాజుగుడ్డ తడిపి మెల్లగా కట్టు మొదలుపెట్టింది.