రంగడి దగ్గు

పరదేశి జట్కా తోలేవాడు. చోడవరం బస్సుల దగ్గర అతని బండి ఆగేది. కిందటేడు రంగడు అనే గుర్రం చచ్చిపోయాక అప్పు తెచ్చి చుక్కి అనే ఆడగుర్రాన్ని కొన్నాడు. ఇది కూడా పోతే ఇల్లంతా అడుక్కుతినాలి. అందులో దాపరికం లేదు.

రంగడు ఊరికే చావలేదు. కడుపునొప్పితో దొర్లుతుంటే జట్కావాళ్లందరూ కలిసి వాడి మూతి పైకెత్తి, వెదురుగొట్టంతో నూనె, ఇంగువ పోశారు. ఆ తర్వాత దౌడు తీయించారు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోయింది. ముక్కుల వెంట చీము కారుస్తూ, దగ్గి దగ్గి చచ్చాడు. పశువుల డాక్టరు లక్ష్మీనరసింహం కోసి చూపించాడు. అప్పటినుంచి పాకలో రంగడు కట్టుండే ఖాళీ మూల నుంచి పరదేశికి ఆ దగ్గు వినిపిస్తూనే ఉంది. భార్య అచ్చియ్యమ్మకి వినిపించదు. అయినా ఆ మూలన ఆవిడ కట్టెలు కూడా పెట్టదు.

గోవాడ దారిలోని చెరుకు గానుగ దగ్గర కొత్త బెల్లం వండే మొదటి రోజు ఒక ఆనవాయితీ ఉంది. పెనం మీద తేలిన తెట్టు, నరికిన చెరుకు మొవ్వలు కలిపి అటు వచ్చిన ప్రతి జట్కా గుర్రానికీ గంపెడు పెడతారు. తింటే ఏడాదంతా అలుపుండదట. వద్దంటే గానుగ ఆసామికి కోపం. ఆసామికి కోపమొస్తే బాడుగ పోతుంది. పేదవాడి గుర్రం కడుపు కూడా ఆసామి మర్యాద కోసమే ఉండాలి, ఇదీ మన లోకం.

ఈ ఏడు ఆ రోజు ఉదయం పరదేశి గానుగకి బాడుగ తోలుకొచ్చి, చెమటతో ఉన్న చుక్కి ముందు గంప పెట్టాడు. వెనక ఎవరో దగ్గారు. తిరిగి చూస్తే గుర్రం లేదు, మనిషి లేడు. ఉత్త పొగ. చుక్కి గంపంతా నాకేసింది.

మధ్యాహ్నానికి పాకలో అది ముందుకాలితో నేలను గీకడం మొదలుపెట్టింది. తల తిప్పి తన డొక్క వైపే చూసుకుంటోంది. పై పెదవి మడుస్తోంది. పడుకుంటోంది, లేస్తోంది, మళ్లీ పడుకుంటోంది. మెడంతా చెమట. లద్ది లేదు. పరదేశి డొక్కకి చెవి ఆన్చాడు. ఎప్పుడూ గుడగుడలాడే కడుపు చచ్చిన నుయ్యిలా ఉంది. రంగడిదీ ఆ రోజు ఇలాగే ఉంది.

డాక్టరు మాడుగుల వెళ్లాడని తెలిసింది. చుట్టూ ఉన్న ఇన్ని ఊళ్లకీ ఒక్క డాక్టరే! సైకిలున్న దాసుని పంపి, పరదేశి గడ్డి, ఉలవల తొట్టి అన్నీ బయట పారేశాడు. దొర్లబోయిన చుక్కిని లేపి మెల్లగా నడిపించాడు. అది నిలబడితే నిలబడనిచ్చాడు. దౌడు లేదు, అదిలింపు లేదు.

ఈలోగా పెద్ద జట్కావాడు బంగార్రాజు గొట్టం, నూనెచెంబుతో వచ్చాడు. వెనక మరో నలుగురు.

"ఒరే పరదేశీ, మూతి పైకెత్తి పట్టుకో. ఒక్క గొట్టం దిగితే సాలు."

"రంగడికీ ఒక్క గొట్టవే పోసేవు గదా, బాబాయ్."

"దాని ఆయువంతే."

"ఆయువు కాదు మావా, నూనె," అంది అచ్చియ్యమ్మ. "డాక్టరు బాబు కోసి సూపించేడు. నువ్వూ సూసేవు."

బంగార్రాజు వినలేదు. తాడు అందుకున్నాడు. చుక్కి తల పైకి లేచింది. అప్పుడు ఖాళీ మూలలో దగ్గు. పరదేశి గొట్టం లాక్కుని మోకాలి మీద విరిచేశాడు. నూనె మట్టిపాలైంది. గుర్రం చస్తే నీదే పాపమని తిట్టి అందరూ వెళ్లిపోయారు.

పొద్దు వాలుతుండగా డాక్టరు దిగాడు. చిగుళ్లు చూశాడు, దవడ కింద నాడి పట్టాడు, నొప్పికి సూది వేశాడు. ఆ తర్వాత ముక్కులోంచి రబ్బరు గొట్టం దింపాడు. చుక్కి గుటక వేశాక గొట్టం పొట్టలోకే వెళ్లిందని డాక్టరు రెండుమార్లు చూసుకున్నాడు. పుల్లటి కంపుతో గాలి, నురగ బయటికొచ్చాయి. ఆ తర్వాతే అదే గొట్టంలో నూనె పంపాడు.

"ఏటి పెట్టేవు?" అని అడిగాడు. పరదేశి గంప సంగతి చెప్పాడు.

"రంగడికి నొప్పొచ్చిన రోజు ఏటి పెట్టేవు?"

పరదేశికి గుర్తొచ్చింది. అదే గానుగ. అదే గంప. ఏడాదిగా నూనెనే తిట్టుకున్నాడు, నొప్పి దేనివల్ల పుట్టిందో ఒక్కనాడూ అడగలేదు. పొద్దున వెనకనుంచి దగ్గింది ఎందుకో ఇప్పుడు తెలిసింది.

డాక్టరు గట్టిగానే చెప్పాడు. అలవాటు లేని మేత ఒక్కసారిగా పెట్టకు. ఎప్పుడూ గడ్డే ఎక్కువ, దానా తక్కువ. ఉలవలు బాగా నానబెట్టి ఉడికించి, కొంచెం కొంచెంగా, రోజూ అదే వేళకి పెట్టు. ఎండలో పరుగెత్తి వచ్చినదాన్ని ఆరనిచ్చి మేపు. మంచినీళ్లకి కరువు చెయ్యకు.

దీపాల వేళకి చుక్కి లద్ది వేసింది. అచ్చియ్యమ్మ ఏడ్చింది. పరదేశి డొక్కకి చెవి ఆన్చాడు. లోపల గుడగుడ.

మరుసటేడు కొత్త బెల్లం రోజున ఆసామి గంప తెప్పించాడు. పరదేశి వద్దన్నాడు. బాడుగ పోయింది. ఇప్పటికీ మేత పెట్టేముందు అతను చుక్కి డొక్కకి చెవి ఆనుస్తాడు. ఆ కాసేపూ ఖాళీ మూలలో దగ్గు ఆగుతుంది, అక్కడ కూడా ఎవరో వింటున్నట్టు.