పోని పసుపు

ముదిగుబ్బ బస్టాండు ఎదుట ఇమ్మానుయేల్‌కు ఫోటో స్టూడియో ఉంది. ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లు తీసిన చెయ్యి అతనిది. కంప్యూటర్లో ఫోటోల రంగులు సరిదిద్దే పని మాత్రం రెండేళ్లుగా అక్కడ పనిచేసే సరళదే.

ఆ మధ్యాహ్నం గొర్రెలు మేపే ఎర్రిస్వామి ఫోను పట్టుకొని వచ్చాడు. ఐదు రోజుల కిందట అతనికి ఆడబిడ్డ పుట్టింది. ముందురోజు ఇంట్లో బల్బు వెలుతురులో, భార్య ఒడిలో బిడ్డను పెట్టి తీసిన ఫోటో అది.

"ఇద్దరూ పచ్చగా పడినారన్నా. మొగాలు బాగుచేసి పెద్దగా తీసియ్యి," అన్నాడు.

సరళ ఫోటోను కంప్యూటర్లోకి ఎక్కించుకుంది.

"బిడ్డకు చుట్టిన తువ్వాలు తెల్లదేనా అన్నా?"

"కొత్తది మ్మా. తెల్లగా ఉండాది."

ఫోటోలో అదీ పసుపుపచ్చగానే ఉంది. ఆమె రంగును నీలం వైపు జరిపింది. పసుపు తగ్గింది కానీ సన్నని ఆకుపచ్చ ఛాయ మిగిలింది. దాన్ని గులాబీ వైపు కొద్దికొద్దిగా జరుపుతూ, తువ్వాలు రంగుకు తెర మీద కనిపించే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు మూడూ దాదాపు సమానమయ్యాక ఆగింది. తువ్వాలు తెల్లబడింది. తల్లి మొహం తన చామనచాయకు వచ్చింది.

బిడ్డ మొహం మాత్రం పసుపుగానే ఉంది.

"ఆ ఒక్క మొగంలో ఇంకొంచెం పసుపు తీసెయ్ సరళా, అయిపోతాది," అన్నాడు ఇమ్మానుయేల్.

సరళ తీయలేదు. బిడ్డ కళ్లను పెద్దవి చేసి చూసింది. తెల్లగుడ్డులోనూ పసుపే.

"ఎర్రిస్వామన్నా, బిడ్డకు పసుపేమన్నా పూసినారా?"

"లేదు మ్మా."

"ఈ పసుపు బల్బుదైతే తువ్వాలుతో పాటే పోవల్ల. ఇది పోలేదు. నేను డాక్టర్ను కాదు, ఫోటో చూసి చెప్పేది కూడా కాదు. ఇంటికి ఫోన్ చేసి, బిడ్డను ఎండపొద్దు వెలుతురులో చూడమనన్నా."

ఎర్రిస్వామి అప్పుడే తన తల్లి కదిరమ్మకు ఫోన్ చేశాడు. ఆమె బిడ్డను వాకిట్లోకి తెచ్చి చూసింది.

"కండ్లు పచ్చగా ఉండాయి రా. పొద్దున్నించి పాలు కూడా సరిగా తాగల్యా, ఒకటే నిద్ర."

అతను ఆటో మాట్లాడుకొని ఇంటికి పరుగెత్తి, బిడ్డను కదిరికి తీసుకెళ్లాడు. అక్కడి ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేసి కామెర్లు ఎక్కువగా ఉన్నాయన్నారు. కళ్లకు గంతలు కట్టి, బిడ్డను రెండు రోజులు నీలం లైటు కింద పడుకోబెట్టారు. ఇంకా ఆలస్యమై ఉంటే కష్టమయ్యేదని డాక్టరు చెప్పాడు.

వారం తర్వాత ఎర్రిస్వామి బిడ్డను ఎత్తుకొని వచ్చాడు. బిడ్డను సరళ చేతుల్లో పెట్టాడు. ఇమ్మానుయేల్ వాళ్లను చూస్తూ నిలబడిపోయాడు. తనైతే ఆ పసుపును నిమిషంలో తుడిచేసి, మంచి ఫోటో ఇచ్చి పంపేవాడు.

వాళ్లు వెళ్లాక కుర్చీ లాక్కొని సరళ పక్కన కూర్చున్నాడు.

"యాడ ఆపల్లో ఎట్లా తెలుసుకుంటావో, నాకూ చెప్పు మ్మా," అన్నాడు.